40 వేల ఓటీ, చేతికి 14 వేలు

మార్చి జీతం పడిన రోజు రాత్రి మా పిన్ని కొడుకు ఎర్రగుంట్ల నుంచి ఫోన్ చేశాడు. అక్కడికి దగ్గర్లోనే ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్ ఆపరేటర్ వాడు. ముందు పే స్లిప్ ఫోటో వాట్సాప్‌లో పంపి, ఆ తర్వాత ఫోన్ చేశాడు.

"ఏంన్నా ఇది? నలభై వేలు ఓటీ వేసిరి, ఇరవయ్యారు వేలు టాక్స్ పట్టుకునిరి. ఇంత పెద్ద శ్లాబు యాడుందిన్నా?"

నేను కడపలో జీతాల లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఇట్లాంటి ప్రశ్న వచ్చినప్పుడు నా నోటికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "శ్లాబు మారితే మొత్తం ఆదాయం మీద పన్ను పెరగదు, పైన పెరిగిన ముక్క మీదే పెరుగుతుంది, కాబట్టి జీతం పెరిగి నష్టపోయేవాడు ఎవడూ ఉండడు." ఏళ్ల తరబడి ఎంతోమందికి ఇదే చెప్పాను. ఆ రాత్రి వాడికీ ఇదే చెప్పబోయి, ఫోటో పెద్దది చేసి చూసి ఆగిపోయాను. ఓటీ 40,000. టీడీఎస్ 26,000. నూటికి 65 రూపాయలు. మన దేశంలో పైశ్లాబు 30 శాతమే. వాడి ఆదాయం దాని దరిదాపుల్లో కూడా లేదు.

జీతం లెక్కలో తప్పేమీ లేదు. ఆ లెక్క సరైనదే. నేను అందరికీ చెప్పే జవాబులోనే ఒక ముక్క తక్కువైంది. ఆ ముక్క గురించే ఈ పోస్టు.

ముందు, నిజంగా అపోహ అయిన సంగతి

వాడి సెక్షన్‌లోనే ఒక పెద్దాయన ఉన్నాడు. షిఫ్ట్ ఇన్‌చార్జి ప్రమోషన్ వస్తే వద్దన్నాడట. ఏడాదికి లక్ష రూపాయలు పెరుగుతుంది, కానీ ఆదాయం 16 లక్షలు దాటి 20 శాతం శ్లాబులోకి పోతుంది, పెరిగిన లక్ష కంటే పెరిగిన పన్నే ఎక్కువవుతుంది అని ఆయన భయం. క్యాంటీన్‌లో టీ తాగుతూ ఈ మాట ఆయన పదిమందికి చెప్పాడు. ఆ పదిమందీ నమ్మారు.

ఆయనకు స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేశాక పన్ను పడే ఆదాయం 15,50,000 అనుకుందాం. 2025-26 కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షల మీద ఏమీ లేదు. 4 నుంచి 8 లక్షల ముక్క మీద 5 శాతం, అంటే 20,000. 8 నుంచి 12 మీద 10 శాతం, 40,000. 12 దాటిన మూడున్నర లక్షల మీద 15 శాతం, 52,500. మొత్తం 1,12,500.

ఇప్పుడు లక్ష పెరిగి 16,50,000 అయింది. పెరిగిన లక్షలో సగం, 16 లక్షల దాకా ఉన్న 50 వేలు, పాత 15 శాతంలోనే ఉంటుంది. దాని మీద 7,500. మిగిలిన 50 వేలు మాత్రమే 20 శాతంలోకి పోతుంది. దాని మీద 10,000. పెరిగిన పన్ను 17,500, పన్ను మీద వేసే 4 శాతం సెస్ కలిపితే 18,200. లక్షలో 81,800 ఆయనకే మిగులుతుంది. కింద ఉన్న పదిహేనున్నర లక్షల మీద పన్ను ఒక్క రూపాయి కూడా మారలేదు.

ఆయన మాత్రం 16,50,000 మొత్తం మీద 20 శాతం వేసుకుని 3,30,000 అనుకున్నాడు. ప్రమోషన్ వద్దనడం అంటే ఏడాదికి 81,800 వదులుకోవడమే. అదీ ఒక్క ఏడాదితో పోదు. బేసిక్ పెరిగితే పీఎఫ్ పెరుగుతుంది, గ్రాట్యుటీ పెరుగుతుంది, తర్వాతి ఇంక్రిమెంట్ కూడా ఆ పెరిగిన బేసిక్ మీదే వస్తుంది. ఆయనకు ఈ లెక్క ఎవరూ కాగితం మీద వేసి చూపించలేదన్నది నాకు చాలా బాధ కలిగించింది. పది నిమిషాల పని అది.

ఇంతవరకు నా పాత జవాబు సరైనదే.

మరి తమ్ముడికి ఏం జరిగింది

వాడి జీతం నెలకు లక్ష. ఏడాదికి 12 లక్షలు. డిసెంబరు దాకా అక్కడొక రోజు, ఇక్కడొక రోజు చేసిన ఓటీ 60 వేలు. అంటే 12,60,000. ఫిబ్రవరిలో ఫ్యాక్టరీలోని పెద్ద కొలిమికి, అదే కిల్న్‌కు, షట్‌డౌన్ వచ్చింది. కిల్న్ చల్లార్చి లోపల ఇటుకలు మార్చే రోజుల్లో మనుషులు చాలరు, ఓటీ అడిగి మరీ చేయిస్తారు. వాడు ఎనిమిది షిఫ్టులు అదనంగా చేశాడు. బేసిక్, డీఏ కలిపి 65 వేలు. దాన్ని 26 రోజులకు, 8 గంటలకు భాగిస్తే గంటకు 312 రూపాయల 50 పైసలు. ఓటీకి రెట్టింపు కాబట్టి 625. ఎనిమిది గంటల షిఫ్టుకు 5,000. ఎనిమిది షిఫ్టులకు 40,000. ఇది మార్చి జీతంలో పడింది.

షట్‌డౌన్ ముందు దాకా వాడి లెక్క ఇది: 12,60,000 లోంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 11,85,000. శ్లాబుల ప్రకారం పన్ను వస్తుంది కానీ 12 లక్షల లోపు ఉన్నవాళ్లకు 87ఏ రిబేటు ఆ పన్ను మొత్తాన్నీ కొట్టేస్తుంది. అందుకే ఫిబ్రవరి దాకా వాడి పే స్లిప్‌లో టీడీఎస్ సున్నా.

40 వేలు కలిశాక 13,00,000. పన్ను పడే ఆదాయం 12,25,000. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. 12 లక్షలు దాటగానే రిబేటు పోతుంది. ఒక్కసారిగా శ్లాబు పన్ను మొత్తం మీద పడితే 63,750 కట్టాలి. పాతిక వేలు దాటినందుకు అరవై వేల పైన కట్టమనడం అన్యాయం కాబట్టి చట్టంలో మార్జినల్ రిలీఫ్ పెట్టారు. 12 లక్షల మీద ఎంత దాటావో, పన్ను అంతకు మించకూడదు అన్నది దాని సారాంశం. వాడు దాటింది 25,000. కాబట్టి పన్ను 25,000. దాని మీద సెస్ 1,000. మొత్తం 26,000.

రిలీఫ్ అన్న మాట విని అందరూ మేలే అనుకుంటారు. మేలే. కానీ దాని అర్థం ఏమిటో ఇంకోసారి చూడండి. దాటిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది. సెస్ ఆ తర్వాత లెక్కేస్తారు కాబట్టి రూపాయికి రూపాయి నాలుగు పైసలు పోతుంది. అంటే ఈ చిన్న పట్టీలో పన్ను రేటు 15 శాతం కాదు, 104 శాతం.

వాడి ఎనిమిది షిఫ్టుల్లో మొదటి మూడు, 15,000, పూర్తిగా వాడికే వచ్చాయి. వాటితో 12 లక్షలు, స్టాండర్డ్ డిడక్షన్ కలిపి 12,75,000 నిండింది. తర్వాతి అయిదు షిఫ్టులు, 25,000, మొత్తం పోయాయి. పైగా ఇంకో వెయ్యి వాడే ఇచ్చుకున్నాడు. ఎండలు ఫిబ్రవరిలోనే మొదలయ్యే ఊళ్లో, ఇంకా వేడి చావని కిల్న్ పక్కన చేసిన అయిదు రాత్రులు అవి.

ఫోన్‌లో వాడికి ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అట్లయితే క్యాంటీన్‌లో వాళ్లు చెప్పిందే కరెక్టు గదన్నా" అన్నాడు.

కరెక్టు కాదు. కానీ వాడి విషయంలో వాళ్లు చెప్పినట్టే జరిగింది. ఈ రెంటికీ తేడా చెప్పలేకపోతే నా ఉద్యోగానుభవం దేనికి?

ఆ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

జీతం తప్ప వేరే ఆదాయం లేనివాళ్లకు అది 12,75,000 దగ్గర మొదలవుతుంది. 13,45,600 దాకా ప్రతి రూపాయీ పోతూనే ఉంటుంది. అక్కడికి మామూలు శ్లాబు పన్ను, దాటిన మొత్తం సమానమవుతాయి, రిలీఫ్ అయిపోతుంది. ఆ చివరి దగ్గర ఉన్నవాడు 12,75,000 వచ్చేవాడి కంటే దాదాపు 2,800 తక్కువ ఇంటికి తీసుకెళ్తాడు. అక్కణ్నుంచి నూటికి 15 రూపాయల 60 పైసలే పన్ను కాబట్టి తేరుకుంటాడు. ఆదాయం 13,49,000 అయ్యేసరికి పన్ను 73,944 పోను 12,75,056 మిగులుతుంది. అంటే మొదలైన చోటికే వచ్చాడు.

తమ్ముడి లెక్కలో చెప్పాలంటే సుమారు 15 షిఫ్టులు. ఆ పదిహేనూ చేసినా, చేయకపోయినా ఏడాది చివర చేతిలో మిగిలేది ఒకటే. పదహారో షిఫ్టు నుంచి మళ్లీ ఒక్కోదానికి 4,220 మిగులుతుంది.

ఇందులో నన్ను కలవరపెట్టేది ఒకటుంది. ఒకేసారి రెండు లక్షల హైక్ వచ్చే ఉద్యోగి ఈ పట్టీని దాటేస్తాడు. అది ఉన్నట్టు కూడా అతనికి తెలియదు. 12 లక్షల నుంచి 14 లక్షలకు పోయినవాడికి కనిపించేది మొత్తం పన్ను మాత్రమే. గంటల లెక్కన, షిఫ్టుల లెక్కన కొంచెం కొంచెంగా పెరిగేవాడే సరిగ్గా దీని మధ్యలో ఆగిపోతాడు. ఓటీ చేసేవాడు, నైట్ డ్యూటీ అలవెన్స్ వచ్చేవాడు, లీవులు అమ్ముకునేవాడు. వీళ్లకు ఏ అయిదు వేలు ఏ వైపు పడుతుందో ముందే చెప్పేవాళ్లు ఉండరు.

మా ఆఫీసులో నాతో పనిచేసే మిత్రుడితో ఈ మాట అంటే ఒప్పుకోలేదు. "పోయినేడు వీళ్లు ఎంత కట్టేవాళ్లో చూడు" అన్నాడు. చూశాను. 2024-25లో ఇదే 13 లక్షల జీతానికి కొత్త విధానంలోనే 88,400 పన్ను. ఇప్పుడు 26,000. అరవై రెండు వేలు తగ్గింది కదా, ఇంక ఏడుపెందుకు అన్నది అతని వాదన. న్యాయమైన మాటే. మొత్తం మీద చూస్తే తమ్ముడు నిరుటి కంటే చాలా బాగున్నాడు.

కానీ మనిషి ఇవాళ ఓటీ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఏడాది మొత్తం పన్ను చూడడు, ఈ షిఫ్టుకు నాకేం మిగులుతుంది అని చూస్తాడు. చూడాల్సిందీ అదే. 2024-25 లెక్కలో ఇదే 40 వేల ఓటీకి అదనపు పన్ను 7,540. చేతికి 32,460 వచ్చేది. ఇప్పుడు 14,000. మొత్తం పన్ను తగ్గింది, ఆ ఎనిమిది షిఫ్టుల విలువ కూడా తగ్గింది. రెండూ నిజాలే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం నాకు నచ్చదు.

దీని చుట్టూ జరిగే పొరపాట్లు

మొదటిది మార్చిలో ఎల్‌ఐసీ పాలసీ కట్టడం. తమ్ముడు ఫోన్ చేయడానికి రెండు వారాల ముందే ఎవరో చెబితే పాతిక వేల పాలసీ ఒకటి తీసుకున్నాడు, పన్ను తగ్గుతుందని. కొత్త విధానంలో 80సీ మినహాయింపు లేదు. ఎల్‌ఐసీ, పీపీఎఫ్, పిల్లల స్కూలు ఫీజు, ఏదీ పనికిరాదు. పాలసీ పాలసీగా మంచిదో కాదో వేరే విషయం, పన్నుకు మాత్రం ఒక్క రూపాయి ఉపయోగపడలేదు. పాత విధానానికి మారితే 80సీ వస్తుంది కానీ, 13 లక్షల జీతానికి అక్కడ 80సీ లక్షన్నర, స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు తీసేసినా సెస్ కాకుండా 1,42,500 పన్ను. ఇంటి లోన్, అద్దె లాంటివి చాలా పెద్దగా ఉంటే తప్ప ఆ దారి లేదు.

రెండోది, జీతాల సెక్షన్ మార్జినల్ రిలీఫ్ మర్చిపోవడం. ఎక్సెల్ షీటులో సొంతంగా ఫార్ములా రాసుకునే చోట్ల ఇది జరుగుతుంది. 12 లక్షల లోపైతే సున్నా, దాటితే శ్లాబు అని రాసి వదిలేస్తారు. తమ్ముడికి అట్లా జరిగి ఉంటే 63,750 మీద సెస్ కలిపి 66,300 పట్టేవాళ్లు. తెలుసుకోవడం సులభం. ఫారం 16 రెండో భాగంలో 87ఏ రిబేటు అన్న వరస ఉంటుంది. ఆదాయం 12 లక్షలు కొంచెం దాటిన వాళ్లకు అక్కడ సున్నా ఉంటే తప్పు జరిగినట్టే. తమ్ముడి విషయంలో అక్కడ 38,750 ఉండాలి. ఎక్కువ పట్టినా డబ్బు పోదు, రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. కాకపోతే నెలల తరబడి ఆగాలి.

మూడోది బ్యాంకు వడ్డీ. జీతం 12,70,000 ఉంది, పన్ను లేదు అని నిశ్చింతగా ఉన్నవాడికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 20 వేలు వచ్చిందనుకోండి. పన్ను పడే ఆదాయం 12,15,000 అవుతుంది. 15,600 కట్టాలి. జీతంలో ఏమీ పట్టలేదు కాబట్టి ఇది జూలైలో రిటర్న్ వేసేటప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది, దానికి వడ్డీ కూడా తోడవుతుంది. వడ్డీ వివరం ముందే ఆఫీసులో ఇస్తే ఈ టెన్షన్ ఉండదు.

"మార్చిలో చేసిన ఓటీ ఏప్రిల్‌లో ఇమ్మంటే?" అని కూడా తమ్ముడు అడిగాడు. జీతానికి, రావాల్సిన తేదీ, చేతికొచ్చిన తేదీ, ఈ రెంటిలో ఏది ముందైతే అదే లెక్క. మార్చిలో రావాల్సిన డబ్బును ఏప్రిల్‌లో తీసుకున్నా మార్చి లెక్కే.

ఈ ఏడాది సంగతి

ఆ తర్వాత ఒక ఆదివారం వాడు కడప వచ్చాడు. ఏప్రిల్ నుంచి నెలకు 6,000 ఇంక్రిమెంట్ అట. శ్లాబులు, 12 లక్షల గీత 2026-27లోనూ అవే. నెలకు 1,06,000 అంటే ఏడాదికి 12,72,000. పన్ను లేని చోటు చివరికి ఇంకా 3,000 దూరం మాత్రమే. ఒక్క షిఫ్టు చేసినా పట్టీలో పడతాడు.

ఎప్పటిలాగే లక్ష దాకా ఓటీ చేస్తే మొత్తం 13,72,000. పన్ను పడేది 12,97,000. శ్లాబు పన్ను 74,550, సెస్‌తో 77,532. ఓటీ అసలు చేయకపోతే పన్ను సున్నా. లక్ష ఓటీలో మిగిలేది 22,468.

ఈ చోట పనికొచ్చేది నాకు తెలిసినంతలో ఒక్కటే, కంపెనీ ద్వారా కట్టే పెన్షన్ పథకం, ఎన్‌పీఎస్. కొత్త విధానంలోనూ బేసిక్ డీఏల మీద 14 శాతం దాకా, కంపెనీ కట్టే వాటా ఆదాయంలోంచి తీసేస్తారు. మనం సొంతంగా కట్టుకుంటే కుదరదు, కంపెనీ మన జీతంలో కొంత భాగాన్ని ఆ రూపంలోకి మార్చి కట్టాలి. మార్చిలో గుర్తొస్తే లాభం లేదు, ఏడాది మొదట్లోనే రాసివ్వాలి. తమ్ముడికి 14 శాతం అంటే లక్ష దాటుతుంది, కాబట్టి నెలకు 8,100 పెట్టడానికి వీలుంది. ఏడాదికి 97,200. పన్ను పడే ఆదాయం 11,99,800కు దిగుతుంది. పన్ను సున్నా.

"అంత లేదన్నా" అన్నాడు. పాప ఇంటర్ రెండో సంవత్సరం, వచ్చే ఏడు ఇంజనీరింగ్ ఫీజు. ఎన్‌పీఎస్‌లో పెడితే ఏళ్ల తరబడి తీసుకోవడానికి ఉండదు. ఆ మాట కాదనలేను, నేను వాడి స్థానంలో ఉన్నా అదే అనేవాణ్ని. "సగం పెడతా, నాలుగు వేలు" అన్నాడు.

సగం సరే అనబోయి లెక్క వేశాను. నెలకు 4,050, ఏడాదికి 48,600. పన్ను పడే ఆదాయం 12,48,400. పన్ను 48,400, సెస్‌తో 50,336. అంటే మొదటి సగానికి తగ్గే పన్ను 27,196. అదే రెండో సగం కూడా పెడితే, ఇంకో 48,600కి, మిగిలిన 50,336 మొత్తం పోతుంది.

కాగితం వాడి వైపు తిప్పాను. రెండో 48,600 కింద గీత గీసి, దాని పక్కనే 50,336 రాసి చూపించాను. చాలాసేపు చూశాడు. సెల్‌ఫోన్‌లో తనే ఒకసారి కూడి, తీసేసి చూసుకున్నాడు.

"పెట్టకపోతే ఆ డబ్బు ఎట్లాగూ పన్నుకే పోతాది. పెడితే నా పేరు మీద ఉంటాది, పైన పదిహేడొందలు చేతికొస్తాది. అంతేనా?"

అంతే అన్నాను. సోమవారం జనరల్ షిఫ్టులో హెచ్‌ఆర్ దగ్గరికి పోయి 8,100కి రాసిచ్చాడు. షిఫ్ట్ ఇన్‌చార్జి ప్రమోషన్ వద్దన్న పెద్దాయన జీతం స్లిప్పు కూడా ఈసారి వచ్చేటప్పుడు తెస్తానన్నాడు.